అఫిడవిట్‌లో ‘అమ్మకు ఆదాయం లేదు’ అని ఎందుకు రాశారు?

ప్రశ్న: నేను టెక్సస్‌లో హెచ్‌-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. జీతం ఏడాదికి 92,000 డాలర్లు, బ్యాంకులో 14,000 డాలర్లున్నాయి. మావారిది హెచ్‌-4, ఉద్యోగం లేదు. నాకిప్పుడు ఆరో నెల. అమ్మను పురిటికి పిలిపించుకుందామని విజిటర్ వీసాకి అప్లై చేస్తే, హైదరాబాద్‌లో రెండు నిమిషాల్లో 214(బి) కింద తిప్పి పంపేశారు. నేను పంపిన అఫిడవిట్, బ్యాంకు కాగితాలు కనీసం ముట్టుకోలేదట. అమ్మ తెనాలిలో సొంతింట్లో ఉంటుంది. నాన్నగారి ఫ్యామిలీ పింఛను నెలకు 24,000 రూపాయలు వస్తుంది, రెండెకరాల పొలం కౌలుకిచ్చింది. తమ్ముడి కుటుంబం కూడా అమ్మతోనే ఉంటుంది. మా కన్సల్టెంట్ ఏమో నా జీతం చాలదు, సిటిజన్ అయిన మా బావగారి చేత స్పాన్సర్ చేయించండి, అమ్మ అకౌంట్లో ఓ ఇరవై లక్షలు వేయించండి అంటున్నాడు. ఆ అఫిడవిట్, వీసా అప్లికేషన్ ఫారం DS-160 కాపీలు జతచేశాను. ఏం చేయమంటారు?
— పేరు రాయొద్దు, టెక్సస్

సమాధానం: మీరు పంపిన అఫిడవిట్ చదువుతూ మూడో పేరా దగ్గర ఆగిపోయానమ్మా. “మా తల్లికి స్వంత ఆదాయం ఏదీ లేదు. ఆమె పూర్తిగా నా సంపాదన మీద ఆధారపడి ఉన్నది. ఆమె పోషణ బాధ్యత యావత్తూ నాదే.” ఇది మీరు రాసిన మాట కాదని చూడగానే తెలుస్తోంది. కన్సల్టెంట్ దగ్గర తయారుగా ఉన్న నమూనాలో పేర్లు మార్చి మీ చేత సంతకం పెట్టించాడు. కానీ సంతకం మీది. నెలనెలా పింఛను, కౌలు డబ్బు అందుకుంటూ సొంతింట్లో బతుకుతున్న మనిషిని, మీరు పంపిస్తేనే పూట గడుస్తుందన్నట్టు కాగితం మీద పెట్టారు. అది నిజం కాదు. పైగా ఈ వీసాకి అంతకన్నా చేటు చేసే వాక్యం ఇంకొకటి ఉండదు.

ఎందుకో చెబుతాను. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 214(బి) అనే సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగే ప్రతి ఒక్కరూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సింది వీసా అడిగేవాళ్లే. అంటే కిటికీ అవతల ఆఫీసరు తేల్చుకోవాల్సింది మీ అమ్మగారు తిరిగి వస్తారా, రారా అన్నది. “మా అమ్మాయి పోషిస్తుంది” అన్న మాట ఖర్చు గురించి జవాబు చెబుతుంది గానీ ఆ ప్రశ్నకు చెప్పదు. పైగా పోషించేది కూతురే అయి, ఆ కూతురు ఉండేది టెక్సస్‌లో అయితే, తెనాలికి తిరిగి రావడానికి ఆవిడకు కారణమేముంది? మీ నమూనా అఫిడవిట్ అచ్చంగా ఈ అనుమానాన్నే పుట్టిస్తుంది.

ఆఫీసరు ఆ కాగితం ముట్టుకోలేదు కాబట్టి ఈసారికి నష్టం దాని వల్ల జరిగి ఉండదు. ముట్టుకోకపోవడంలో వింతేమీ లేదు. విజిటర్ వీసాకి ఆహ్వాన లేఖ గానీ, స్పాన్సర్ అఫిడవిట్ గానీ తప్పనిసరి కాదని అమెరికా విదేశాంగ శాఖే చెబుతుంది. తెచ్చుకున్నా వీసా ఇవ్వాలా వద్దా అన్నది దాన్ని బట్టి తేల్చరు. మా పెద్దమ్మ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఇంత లావు ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లింది. మూడు ప్రశ్నలడిగారు, ఫైలు తెరవమనలేదు. వీసా మాత్రం వచ్చింది. కాగితాలు అడిగితే చూపించడానికే. ముందు వినేది మనిషి చెప్పే మాటనీ, చూసేది DS-160నీ.

మీ DS-160 సంగతికొస్తాను. ప్రయాణ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న చోట `SELF` అని ఉంది. ఎన్నాళ్లుంటారన్న చోట రెండు నెలలని ఉంది. అఫిడవిట్‌లో ఖర్చంతా మీదేనని, ఆరు నెలలుంటారని ఉంది. మీ అమ్మగారు ఏం చెప్పారో మీరు రాయలేదు. ఫోన్ చేసి ఆవిడ్ని నిదానంగా అడగండి, గుర్తున్నంత వరకూ ప్రశ్నా జవాబూ అలాగే రాసుకోండి. “మా అమ్మాయే పెట్టుకుంటుంది, పురుడయ్యాక పిల్లకి ఒంట్లో బాగయ్యేదాకా ఉంటాను” అని ఉంటారని నా ఊహ. ఏ తల్లైనా చెప్పే మాటే అది. కానీ ఆఫీసరు ముందున్న తెర మీద `SELF`, రెండు నెలలు కనిపిస్తుంటే, ఎదురుగా ఉన్నావిడ కూతురు పెడుతుందని, తిరిగి వచ్చే తేదీ లేదని అంటున్నారు. 214(బి) చీటీ మీద అసలు కారణం ఫలానా అని రాయరు కాబట్టి ఇదే కారణమని నేను కచ్చితంగా చెప్పలేను. దిద్దుకోగలిగింది మాత్రం ముందుగా ఇదే.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది కన్సల్టెంట్ చెబుతున్నది, బావగారి స్పాన్సర్‌షిప్. చట్టం ఒప్పుకుంటుంది. అయితే హెచ్‌-1బి మీద ఉన్న మీరు స్పాన్సర్ చేయడానికి పనికిరారన్న మాట తప్పు. చట్టబద్ధంగా అమెరికాలో ఉంటున్నవాళ్లెవరైనా, వచ్చేవాళ్ల ఖర్చు భరిస్తామని చెప్పే I-134 అనే ఫారం మీద సంతకం పెట్టొచ్చు, సిటిజనే కానక్కర్లేదు. బావగారు సంతకం పెడితే వచ్చే చిక్కు వేరు. మీ అమ్మగారు ఉండేది మీ ఇంట్లో, వచ్చేది మీ పురుడికి. మరి కూతురు సంపాదిస్తుంటే అల్లుడి అన్నగారు ఎందుకు ఖర్చు పెడుతున్నారు? ఆ ప్రశ్న వస్తే మీ అమ్మగారు ఏం చెబుతారు? మీ జీతం చాలదని చెప్పాలి. అది నిజం కాదు. మూడు నెలల విజిట్ అనుకుందాం. రానుపోను టికెట్టు, ఇన్సూరెన్సు, తిండి, చిల్లర ఖర్చులు ఎంత ధారాళంగా లెక్కేసినా మామూలుగా 5,000 డాలర్ల లోపే తేలుతుంది. ఇల్లు మీదే కాబట్టి వసతి ఖర్చు లేదు. మీ పొదుపే 14,000 డాలర్లు. జీతం చాలదన్న మాట ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందంటే, గ్రీన్ కార్డు కోసం ఇచ్చే I-864 అనే ఫారం వేరే ఉంది. అందులో పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపించాలని లెక్క ఉంటుంది. దాన్ని కోర్టులో అమలు చేయించుకోవచ్చు కూడా. విజిటర్‌కి ఆ లెక్కతో పని లేదు. కన్సల్టెంట్లు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటారు.

ఆ ఇరవై లక్షల సంగతి మాత్రం దయచేసి మర్చిపోండి. నెలకు 24,000 వచ్చి, అందులో సగం ఖర్చయ్యే పాస్‌బుక్కులో ఒక్కసారిగా ఇరవై లక్షలు పడితే, ఆ ఒక్క ఎంట్రీ మిగతా పేజీలన్నిటినీ అనుమానంగా చూసేలా చేస్తుంది. “ఇదెక్కడిదమ్మా?” అని అడిగితే మీ అమ్మగారు అబద్ధమాడాలి. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అది 214(బి)తో పోదు. 212(ఎ)(6)(సి) అనే సెక్షన్ కింద జీవితాంతం అనర్హత పడుతుంది. ప్రత్యేకంగా మినహాయింపు వస్తే తప్ప ఆవిడ మళ్లీ అమెరికాలో అడుగు పెట్టలేరు. ఇవాళ ఆవిడకున్నది ఒక మామూలు తిరస్కరణ, ఎన్నిసార్లైనా మళ్లీ అప్లై చేసుకోవచ్చు. దాన్ని పట్టుకెళ్లి ఆ గోతిలో పడేయకండి.

రెండో దారి, మీ అమ్మగారే తన ఖర్చు తాను పెట్టుకుంటున్నట్టు చూపించడం. ఆవిడ దగ్గర నిజంగా ఓ రెండు మూడు లక్షలు డిపాజిట్ ఉండి, టికెట్టు తనే కొనుక్కుంటానంటే ఇది బలమైన దారే. అప్పుడు మీ అఫిడవిట్ అసలు అక్కర్లేదు, ఉండడానికి చోటు మీ ఇంట్లో అని చెబుతూ ఒక చిన్న ఉత్తరం చాలు. కానీ టికెట్టు కొనేది మీరైతే ఈ మాట రాయించొద్దు.

మూడోది, మీరే స్పాన్సరుగా ఉండి, ఉన్నదున్నట్టు చెప్పడం. మీ పరిస్థితికి నేను ఇటే మొగ్గుతాను. అఫిడవిట్ తీసుకెళ్లడం వల్ల వీసా వస్తుందని కాదు. DS-160లో `OTHER PERSON` అని మీ పేరు రాశాక, ఆ పేరు గల మనిషి నిజంగా ఖర్చు భరించగలదా అని అడిగితే చూపించడానికి ఒక కాగితం చేతిలో ఉండాలి. అంతవరకే దాని పని.

I-134 ఫారం అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. విజిటర్ వీసా కోసమైతే దాన్ని వాళ్లకు పంపక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు. నింపి, చేత్తో సంతకం పెట్టి, మీ అమ్మగారికి పంపిస్తే చాలు. అబద్ధమైతే శిక్షార్హురాలినని ఒప్పుకుంటూ చేసే సంతకం కాబట్టి నోటరీ ముద్ర కూడా అడగరు. కన్సల్టెంట్ రాసిచ్చిన ఆ స్టాంపు పేపరు అఫిడవిట్ ఇక పక్కన పెట్టేయండి. రెండు అఫిడవిట్‌లు రెండు మాటలు చెబుతుంటే మళ్లీ మొదటికొస్తుంది.

ఫారంలో మీ అమ్మగారి ఆదాయం, ఆస్తి రాసే చోటు కూడా ఉంది. అక్కడ పింఛను, కౌలు, ఇల్లు, పొలం రాయండి. మీ మీద ఆధారపడినవాళ్ల పేర్లు అడిగినచోట మీవారి పేరు రాయండి. అమ్మగారి పేరు రాయకండి, ఆవిడ మీ మీద ఆధారపడి లేరు. ఆవిడ కోసం మీరు ప్రత్యేకంగా ఏం పెట్టుకుంటారో చెప్పేచోటే ఈ కాగితానికి ప్రాణం. “నా తల్లి నా ఇంట్లో సుమారు మూడు నెలలు ఉంటారు. రానుపోను విమానం టికెట్టు, ఉన్నన్నాళ్లూ వసతి, భోజనం, విజిటర్ హెల్త్ ఇన్సూరెన్సు ఖర్చు నేను భరిస్తాను. భారతదేశంలో ఆమె ఖర్చులకు ఆమె పింఛను, పొలం ఆదాయం ఉన్నాయి.” ఈ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో మూడు వాక్యాలు చాలు. చివరి వాక్యాన్ని మాత్రం వదలొద్దు. మొదటి అఫిడవిట్ చేసిన పొరపాటును సరిదిద్దేది అదే.

ఈ ఫారంతో పాటు ఏ కాగితాలు పెట్టాలంటే, బ్యాంకు నుంచి ఒక లెటర్. అందులో ఖాతా ఎప్పుడు తెరిచారు, గత ఏడాదిలో మొత్తం ఎంత జమ అయింది, ఇప్పుడు ఎంత ఉంది అన్న మూడూ ఉండాలి. బ్యాంకు వాళ్లు ఆ ఏడాది జమ మొత్తం రాసివ్వకపోతే పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు జతచేయండి. మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద, ఎప్పుడు చేరారు, ఏం పని, జీతమెంత, ఉద్యోగం పర్మనెంటా కాదా అని ఒక లెటర్. నిరుటి టాక్స్ రిటర్ను కాపీ. అది మీరూ మీవారూ కలిపి ఫైల్ చేసి ఉంటే, ఆదాయం మొత్తం మీదేనని తెలియడానికి మీ డబ్ల్యూ-2 కూడా పెట్టండి. చివరి మూడు పే స్టబ్బులు, మీ ఐ-797 అప్రూవల్ కాపీ, మీ పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ, చివరి పేజీ. ఆ చివరి పేజీ ఎందుకంటే, మన పాస్‌పోర్టులో తల్లి పేరు అక్కడ అచ్చయి ఉంటుంది. బంధుత్వానికి వేరే రుజువు వెతుక్కోకుండా అదే సరిపోతుంది. ఆ పేరూ, మీ అమ్మగారి పాస్‌పోర్టులో ఉన్న పేరూ ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతి ఇంటిపేరు ఇంకోచోట ఉంటే మీ పుట్టిన సర్టిఫికెట్ కూడా జోడించండి. సీఏ ఇచ్చే నెట్‌వర్త్ సర్టిఫికెట్‌కి డబ్బు తగలేయకండి, ఈ వీసాకి దాని అవసరం లేదు.

ఇవన్నీ ఒక పల్చటి ఫోల్డరులో పెట్టాక, ఇంకో ఫోల్డరు సిద్ధం చేయండి. నిజానికి అదే ముఖ్యం, అది మీ అమ్మగారిది. పింఛను పీపీఓ, పింఛను పడే ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంటు, ఇంటి పన్ను రసీదు, పొలం పట్టాదారు పాసుపుస్తకం, తమ్ముడి కుటుంబం అదే ఇంట్లో ఉంటోందని చూపే ఆధార్ లాంటిది ఏదైనా. ఏది ఎక్కడుందో ఆవిడకి తెలియాలి. మీ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టి ఆవిడ చేతే సర్దించండి. అడిగినప్పుడు తడుముకోకుండా తీసివ్వగలగాలి.

ఇంటర్వ్యూ తెలుగులోనే అడిగించుకోవచ్చని ఆవిడకి చెప్పండి. చాలామంది అమ్మలు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బట్టీ పట్టి వెళ్లి, అనుకోని ప్రశ్న రాగానే తెల్లముఖం వేస్తారు. ఆవిడకి బట్టీ పట్టించొద్దు. ఎన్నాళ్లుంటారన్నది మాత్రం ముందు మీరిద్దరూ కూర్చుని నిజంగా తేల్చుకోవాలి. మూడు నెలలంటే మూడు నెలలే. ఆ తర్వాత ఆవిడ ఎందుకు వచ్చేయాలి? కౌలుదారుతో లెక్క చూసుకోవాలా, పింఛనుకి ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఉందా, తమ్ముడి పిల్లలు ఆవిడ దగ్గరే పెరుగుతున్నారా? ఆవిడ జీవితంలో నిజంగా ఉన్నదేదో ఆవిడ మాటల్లోనే చెప్పనివ్వండి. DS-160లో అదే వ్యవధి, అఫిడవిట్‌లో అదే వ్యవధి ఉండాలి.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట సూటిగా అడగాలి. ఆవిడ రావడం పురుట్లో తోడుగా ఉండి, మనవణ్ణి చూసుకుని మురిసి వెళ్లడానికా? లేక మీరు ఉద్యోగానికి వెళితే ఆరు నెలలు పసిబిడ్డను చూసుకునే మనిషి కోసమా? మొదటిది కుటుంబాన్ని చూడ్డానికి వెళ్లడం, వీసా ఉన్నదే దానికి. రెండోది డేకేర్‌కి బదులు పనిలా వినిపిస్తే ఆఫీసరు వేరేగా చూడొచ్చు. మీ లోపలి జవాబు రెండోదైతే, అమ్మ చేత మొదటిది చెప్పించే బదులు ఆ ఏర్పాటునే మార్చుకోండి. మీవారు ఇంట్లోనే ఉన్నారు కదా.

మళ్లీ అప్లై చేయడానికి ఇన్నాళ్లు ఆగాలన్న నియమం లేదు. ఫీజు 185 డాలర్లు మళ్లీ కట్టాలి, వీసా రాకపోతే తిరిగి ఇవ్వరు. కొత్త DS-160ని ఈసారి మీరే నింపండి, పాతదాన్ని కాపీ చేయకండి. ఇంతకుముందు వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకి అవునని రాయాలి, అది వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది. ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న చివర్లో ఉంటుంది, మీరు నింపితే మీ పేరే రాయండి. పోయినసారి ఖర్చు విషయంలో వేరేగా ఉందేమని ఆఫీసరు అడిగితే, “అప్పుడు ఏజెంటు నింపాడండి, తప్పు పడింది, మా అమ్మాయే పెడుతోంది” అని ఉన్నమాట చెప్పమనండి.

అపాయింట్‌మెంటు తేదీ మీ నెలలు నిండాక దొరకవచ్చు. అప్పుడు ‘పురుడికి’ అన్న మాట ఎక్కడా మిగలకూడదు. మనవణ్ణి చూడ్డానికని DS-160, అఫిడవిట్ రెండూ ఆ రోజుకి సరిపోయేలా మార్చి కొత్తగా సంతకం పెట్టండి. ఆరు నెలల కిందటి బ్యాంకు లెటరు కూడా అప్పుడు పనికిరాదు, ఇంటర్వ్యూకి నెల లోపుదై ఉండాలని పెట్టుకోండి. ఇన్సూరెన్సు ఇప్పుడే కొనొద్దు, వీసా వచ్చాక కొనండి. ఆవిడకి బీపీ, షుగరు లాంటివి ఏమైనా ఉంటే, విజిటర్ పాలసీలు పాత జబ్బుల మామూలు వైద్యానికి సాధారణంగా డబ్బివ్వవు, హఠాత్తుగా తిరగబెడితేనే కొంతవరకు ఇస్తాయి. ఖర్చు భరిస్తానని సంతకం పెట్టేది మీరు కాబట్టి, ఆ పాలసీలో ఏమేం రావో చదివి, మూడు నెలల మందులు తెనాలి నుంచే ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోమనండి.